జర్మనీ ఛార్జింగ్ యాప్‌లో రేటు ఒకటి, బిల్లు ఇంకొకటి ఎందుకు?

క్లుప్తంగా: జర్మనీలో ఎలక్ట్రిక్ కారు ఛార్జింగ్ యాప్ తెరిస్తే మూడు రకాల అంకెలు కనిపిస్తాయి. kW అంటే వేగం, €/kWh అంటే యూనిట్ ధర. Blockiergebühr పక్కన ఉండేది ఆలస్య రుసుము, నిమిషాల్లో లెక్క. చాలామంది మొదటి రెండూ చూసి మూడోది వదిలేస్తారు. ఆ రుసుము గడియారం ఛార్జింగ్ అయిపోయాక కాకుండా, చాలా టారిఫ్‌లలో కేబుల్ పెట్టిన నిమిషం నుంచే నడుస్తుంది. బిల్లు చూసి అవాక్కయ్యేది ఎక్కువగా ఇక్కడే.

మ్యూనిక్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉద్యోగం చేస్తూ కొత్తగా ఎలక్ట్రిక్ కారు తీసుకున్నవాళ్లు, లేదా అద్దెకు కారు అడిగితే ఎలక్ట్రిక్‌ది చేతికి వచ్చినవాళ్లు, ఇలాంటి స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పెట్టి "దీనర్థం ఏంటి?" అని అడగడం మామూలే. కింది స్క్రీన్ నమూనా మాత్రమే. అందులోని అంకెలు మాత్రం అక్కడి యాప్‌లలో తరచూ కనిపించేలాంటివే.

```
Parkhaus Mitte · 4 Ladepunkte
Typ 2     22 kW    1/2 frei
CCS      300 kW    0/2 frei

0,59 €/kWh  inkl. MwSt.
Blockiergebühr ab 240 Min.:
0,12 €/Min.  max. 12,00 €
```

ముందు కామా సంగతి తేల్చేసుకోవాలి. జర్మన్లు దశాంశ బిందువు ఉండాల్సిన చోట కామా పెడతారు. కాబట్టి 0,59 అంటే 59 సెంట్లు, 12,00 అంటే 12 యూరోలు, పన్నెండు వందలు కాదు. inkl. MwSt. అంటే పన్ను కలిపిన ధర అని. Ladepunkte అంటే ఛార్జింగ్ పాయింట్లు, frei అంటే ఖాళీ. 0/2 frei అంటే రెండు పాయింట్లలో ఒక్కటీ ఖాళీ లేదు.

ab అనే చిన్న మాట దగ్గర కాస్త ఆగాలి. దానికి రెండు వాడకాలున్నాయి. ab 240 Min. అంటే 240 నిమిషాలు దాటాక అని. అదే యాప్ ప్రకటనలో ab 0,39 €/kWh అని కనిపిస్తే 39 సెంట్ల నుంచి మొదలు అని అర్థం, మన షాపుల బోర్డుల మీద "కేవలం 99 నుంచి" అన్నట్టు. ఆ 39 సెంట్ల ధర సాధారణంగా నెలనెలా చందా కట్టేవాళ్లకే వస్తుంది.

కిలోవాట్ వేరు, యూనిట్ వేరు

"కిలోవాట్‌కి 59 సెంట్లు" అని జనం అనేస్తుంటారు గానీ అది తప్పు. మన ఇంటి కరెంట్ బిల్లులో యూనిట్ అనేదే ఇక్కడ kWh, అంటే కిలోవాట్ అవర్. 59 సెంట్లు ఒక యూనిట్‌కి. కిలోవాట్ అనేది ధారకి కొలత. కుళాయి ఎంత జోరుగా పారుతోందో చెప్పేది కిలోవాట్ అయితే, బిందెలోకి ఎన్ని నీళ్లు వచ్చాయో చెప్పేది యూనిట్. డబ్బు కట్టేది బిందెకే.

ఇప్పుడు ఇది మామూలుగా అనిపిస్తుంది గానీ మొదట్లో ఇలా లేదు. హైవేల పక్కన పెద్ద స్టేషన్లు నడిపే అయోనిటీ 2020 జనవరి చివరి వరకూ ఎంత ఎక్కించుకున్నా ఒక్కసారికి 8 యూరోలు అని వసూలు చేసింది. నిమిషానికి ఇంత అనే టారిఫ్‌లూ ఉండేవి. నిమిషాల లెక్కలో నెమ్మదిగా ఛార్జయ్యే కారు ఉన్నవాడు అదే కరెంట్‌కి ఎక్కువ కట్టేవాడు. జర్మనీలో తూనికలు, కొలతల చట్టం కఠినం. పెట్రోల్ బంకు మీటర్‌కి ముద్ర ఉండాల్సినట్టే ఛార్జింగ్ మీటర్‌కీ ఉండాలి, కొలిచిన యూనిట్లనే బిల్లు చేయాలి అన్న పట్టుదల వల్ల యూనిట్ ధర స్థిరపడింది. తర్వాత యూరోపియన్ యూనియన్ నిబంధన ఒకటి 2024 ఏప్రిల్ 13 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 50 కిలోవాట్లు, ఆపైన శక్తి ఉండి ఆ తేదీ తర్వాత పెట్టిన స్టేషన్లలో, ఒప్పందం లేకుండా అప్పటికప్పుడు వచ్చి ఛార్జ్ చేసుకునేవాళ్లకి ధర యూనిట్ మీదే ఉండాలి. దానిపైన నిమిషాల రుసుము వేయొచ్చు. అయితే అది చోటు ఆక్రమించుకుని కూర్చోకుండా చేయడానికే. అంటే స్క్రీన్ మీద రెండు రకాల లెక్కలు కలిసి ఉండటానికి చట్టంలోనే చోటుంది.

22 అని రాసున్నా 11 ఎందుకు వస్తుంది

కనెక్టర్ పేరు చూసి మన కారుకి సరిపోతుందా లేదా అని తేల్చుకోవడం తేలికే. Typ 2 అంటే ఏడు పిన్నుల గుండ్రటి ప్లగ్, ఒక వైపు కాస్త చదునుగా ఉంటుంది. దీన్ని తయారుచేసింది జర్మనీకే చెందిన మెనెకెస్ సంస్థ కాబట్టి అక్కడ చాలామంది ఆ పేరుతోనే పిలుస్తారు. CCS అంటే అదే ఆకారం కింద రెండు లావు పిన్నులు చేర్చినది. ఇప్పుడు ఇండియాలో అమ్ముతున్న ఎలక్ట్రిక్ కార్లలో ఎక్కువ వాటికి ఉన్నదీ ఇదే జత కాబట్టి హైదరాబాద్‌లో కారు వాడినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. CHAdeMO అని కనిపిస్తే అది పాత నిస్సాన్ లీఫ్ లాంటి కార్లకి పనికొచ్చేది, కొత్త స్టేషన్లలో అరుదు. ఇంకో సంగతి, Typ 2 స్తంభాల్లో చాలావాటికి కేబుల్ ఉండదు, సాకెట్ మాత్రమే ఉంటుంది. కేబుల్ డిక్కీలో ఉండాలి. CCS కేబుల్ మాత్రం స్తంభానికే ఉంటుంది.

అసలు సంగతి ఆ పక్కన ఉన్న కిలోవాట్లలో ఉంది. Typ 2 దగ్గర వచ్చేది ఏసీ కరెంట్. బ్యాటరీకి కావాల్సింది డీసీ. మార్చే పని కారు లోపలి ఛార్జర్ చేస్తుంది, కాబట్టి దాని స్థోమతే హద్దు. ఇప్పటి కార్లలో చాలావాటికి అది 11 కిలోవాట్లు. స్తంభం 22 ఇస్తానన్నా కారు 11 మాత్రమే తీసుకుంటుంది. పెట్రోల్‌తో కూడా నడిచే ప్లగిన్ హైబ్రిడ్ అయితే చాలాసార్లు 3.7 కిలోవాట్లే. అంటే అదే స్తంభం, అదే ధర, కానీ ఒకరికి నాలుగు గంటల్లో 44 యూనిట్లు ఎక్కితే ఇంకొకరికి 15 కూడా ఎక్కవు.

CCS దగ్గర మార్పిడి స్తంభంలోనే అయిపోయి డీసీ నేరుగా బ్యాటరీకి వెళ్తుంది. 300 అనేది అక్కడా గరిష్ఠమే. బ్యాటరీ ఎంత తీసుకుంటానంటే అంతే. చలికాలంలో బ్యాటరీ చల్లగా ఉంటే ఇంకా తక్కువ. 80 శాతం దాటాక వేగం బాగా పడిపోతుంది. ఒకే స్తంభానికి రెండు కేబుళ్లుంటే పక్కన ఇంకో కారు వచ్చినప్పుడు శక్తిని పంచుకోవడమూ ఉంటుంది. యూనిట్ ధర కాబట్టి ఈ నెమ్మది వల్ల కరెంట్ ఖర్చు పెరగదు. గడియారం మాత్రం ఆగదు.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది

ఆలస్య రుసుము అనగానే "ఛార్జింగ్ పూర్తయ్యాక కారు తీయకపోతే వేసే జరిమానా" అనుకోవడం సహజం. టెస్లా సూపర్‌ఛార్జర్లలో పద్ధతి అలాంటిదే. ఛార్జింగ్ అయిపోయాక, స్టేషన్ సగమైనా నిండి ఉంటేనే రుసుము మొదలవుతుంది, అయిదు నిమిషాల్లోపు తీసేస్తే మాఫీ. స్టేషన్ పూర్తిగా నిండితే రేటు రెట్టింపవుతుంది. అక్కడ రుసుము ఎదుటివాడికి కలిగే ఇబ్బందిని బట్టి నడుస్తుంది.

మన స్క్రీన్ మీద ఉన్న Blockiergebühr తర్కం వేరు. ab 240 Min. అన్నది సాధారణంగా ప్లగ్ పెట్టిన దగ్గర్నుంచి లెక్క. బ్యాటరీ నిండిందా, ఇంకా ఎక్కుతోందా, పక్క పాయింట్ ఖాళీగా ఉందా అన్నవి దీనికి పట్టవు. నాలుగు గంటలు దాటాయా, మీటర్ తిరుగుతుంది. జర్మనీలో పెద్ద ఛార్జింగ్ సంస్థల్లో ఒకటైన ఎన్‌బీడబ్ల్యూ అమలు చేసిన నమూనా ఇదే. నాలుగు గంటల తర్వాత నిమిషానికి 12 సెంట్లు, ఒక్కో ఛార్జింగ్‌కి గరిష్ఠంగా 12 యూరోలు. దీన్ని సవాలు చేస్తూ ఒక వినియోగదారుడు కార్ల్స్‌రూయె స్థానిక కోర్టుకి వెళ్తే, అలాంటి రుసుము వేయొచ్చని 2024 జనవరిలో కోర్టు తీర్పిచ్చింది.

సంస్థలు ఇలా ఎందుకు చేస్తాయంటే, వాళ్లకి ఆదాయం అమ్మిన యూనిట్ల నుంచే వస్తుంది. నిండిన కారు రాత్రంతా నిలబడితే ఆ పాయింట్ నుంచి పైసా రాదు. పైగా యాప్‌లో అది నిండినట్టు కనిపించి ఇంకొకరు రాకుండా చేస్తుంది. ఛార్జింగ్ ఆగిన క్షణం నుంచి లెక్క పెట్టొచ్చు కదా అంటే, అప్పుడు కారులో పరిమితిని మార్చి నెమ్మదిగా సాగదీసే వీలుంటుంది. ప్లగ్ నుంచి లెక్కపెడితే వాదనకి తావుండదు. సంస్థకి సులువు, వాడేవాళ్లకి అంత న్యాయం కాదు. సొంత గ్యారేజీ లేక వీధిలో కారు నిలుపుకునేవాళ్లు జర్మనీ నగరాల్లో చాలామంది. లాంతరు స్తంభం కింద నిలుపుకునేవాళ్లు అని జర్మన్‌లో వాళ్లకో పేరే ఉంది. రుసుము దెబ్బ ముందుగా తగిలేది వాళ్లకే. ఈ ఫిర్యాదు ఉంది కాబట్టే కొన్ని టారిఫ్‌లలో రాత్రి వేళ గడియారాన్ని ఆపేస్తారు. అలా ఉంటే టారిఫ్ వివరాల్లో nachts అనో, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు అనో కనిపిస్తుంది. కనిపించకపోతే మినహాయింపు లేదనుకోవడమే మంచిది.

ఒక రాత్రి లెక్క

77 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు, లోపలి ఛార్జర్ 11 కిలోవాట్లు. 20 శాతం మిగిలి ఉంది, 80 వరకు ఎక్కించాలి. బ్యాటరీలోకి వెళ్లాల్సింది సుమారు 46 యూనిట్లు.

పై స్క్రీన్‌లో CCS రెండూ నిండి ఉన్నాయి కాబట్టి సాయంత్రం 6 గంటలకి Typ 2 దగ్గర కేబుల్ పెట్టారనుకుందాం. ఏసీని డీసీగా మార్చేటప్పుడు కారులో కొంత వేడిగా పోతుంది. మీటర్ స్తంభంలో ఉంది కాబట్టి ఆ నష్టం కూడా బిల్లులోకే వస్తుంది. పది శాతం పోయిందనుకుంటే మీటర్ మీద 51 యూనిట్లు. 11 కిలోవాట్ల వేగంతో దీనికి నాలుగు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు పడుతుంది.

ఇక్కడే అసలు తిరకాసు. రాత్రి 10 గంటలకి 240 నిమిషాలు నిండాయి, కారు ఇంకా ఛార్జవుతూనే ఉంది. చోటు కబ్జా చేసిందేమీ లేదు, కరెంట్ కొంటూనే ఉంది, అయినా రుసుము మొదలైంది. ఛార్జింగ్ ముగిసేసరికి 38 నిమిషాలకి 4.56 యూరోలు పడ్డాయి. అప్పుడే దిగివచ్చి తీస్తే అంతటితో సరి. నిద్రపోయి పొద్దున 7 గంటలకి వస్తే? నిమిషానికి 12 సెంట్ల చొప్పున 100 నిమిషాల్లో, అంటే 11:40కే, 12 యూరోల గరిష్ఠం చేరిపోయింది. ఆ తర్వాత ఎంతసేపు నిలబెట్టినా పెరగదు.

కరెంట్‌కి 51 యూనిట్లు, 59 సెంట్ల చొప్పున 30.09 యూరోలు. రుసుముతో కలిపి 42.09. మీటర్ మీద యూనిట్‌కి 83 సెంట్లు పడినట్టు. బ్యాటరీలో చేరిన 46 యూనిట్లకి లెక్కేస్తే 92 సెంట్ల దాకా వెళ్తుంది. స్క్రీన్ మీద 59 అని చూసి వచ్చిన మనిషికి ఇది మోసంలా కనిపిస్తుంది గానీ, ప్రతి అంకె అదే స్క్రీన్ మీద ఉంది.

అదే 46 యూనిట్లు CCS దగ్గర ఎక్కించి ఉంటే? సుమారు అరగంట. అక్కడ మీటర్ కొలిచేది కారుకి ఇచ్చిన డీసీని కాబట్టి ఏసీ నుంచి మార్చే నష్టం నిర్వాహకుడిది. బిల్లు 27.14 యూరోలు, రుసుము సున్నా. ఏసీ చౌక, డీసీ ఖరీదు అన్న నానుడి ఇలా ఒకే ధర పెట్టిన టారిఫ్‌లలో తిరగబడుతుంది. చాలా యాప్‌లలో డీసీ ధర నిజంగానే ఎక్కువ ఉంటుంది కాబట్టి దీన్ని అన్నిచోట్లా పట్టుకుని కూర్చోకూడదు. డీసీ పాయింట్ల దగ్గర 240 కంటే చాలా ముందే గడియారం మొదలయ్యే టారిఫ్‌లు కూడా ఉన్నాయి.

ఈ ఉదాహరణలో జాగ్రత్తపడాల్సింది ఒక్కచోటే. సాయంత్రం 6 గంటలకే ఫోన్‌లో 9:45కి అలారం పెట్టుకుని, మీటర్ మీద 41 యూనిట్ల దగ్గర తీసేసి ఉంటే కారు 68 శాతం దగ్గర ఆగేది. రుసుము ఉండేది కాదు.

స్టాప్ నొక్కితే ఆగదు

రుసుము తప్పించుకోవడానికి యాప్‌లో స్టాప్ నొక్కి హాయిగా పడుకునేవాళ్లున్నారు. స్టాప్ నొక్కితే కరెంట్ ఆగుతుంది, కేబుల్ మాత్రం సాకెట్‌లోనే ఉంది. పాయింట్ ఇంకా belegt, అంటే నిండి ఉన్నట్టే లెక్క. కేబుల్ తీస్తేనే గడియారం ఆగుతుంది. ఇంకో పొరపాటు కారులో టైమర్. ఇంట్లో రాత్రి చౌక కరెంట్ కోసం "12 తర్వాత ఛార్జ్ చెయ్" అని పెట్టుకున్న సెట్టింగ్ వీధి స్తంభం దగ్గరా పనిచేస్తుంది. 6 గంటలకి ప్లగ్ పెడితే 12 దాకా ఒక్క యూనిట్ ఎక్కదు, గడియారం మాత్రం 10కే రుసుములోకి వెళ్లిపోతుంది. రసీదులో మొదలు, ముగింపు సమయాలు, యూనిట్లు ఉంటాయి. గంటలని యూనిట్లతో పోల్చి చూస్తే ఇది ఇట్టే తెలుస్తుంది. పదమూడు గంటలకి 51 యూనిట్లు అంటే సగటున నాలుగు కిలోవాట్లు కూడా రాలేదు, అంటే కారు ఎక్కువసేపు ఊరికే నిలబడింది.

స్తంభం మీద అంటించిన నంబర్ చూడటం కూడా మరిచిపోకూడదు. అది DE తో మొదలై నక్షత్రపు గుర్తులతో విడదీసి ఉంటుంది. పక్కపక్కన నాలుగు పాయింట్లున్నప్పుడు యాప్‌లో వేరే పాయింట్‌ని మొదలుపెట్టి "పనిచేయట్లేదు" అనుకోవడం తరచూ జరిగేదే.

స్నేహితుడి స్క్రీన్‌షాట్‌లోని ధర మీది కాకపోవచ్చు

స్తంభం పెట్టిన సంస్థ ఒకటి, యాప్ నడిపే సంస్థ ఇంకొకటి కావచ్చు. ఫోన్‌లో రోమింగ్ ఎలాగో ఇదీ అంతే. ఒకే స్తంభానికి ఒక యాప్‌లో 59 సెంట్లు, ఇంకో యాప్‌లో 79, స్తంభం మీద కార్డు గీకితే మరో ధర కనిపించడం అక్కడ విడ్డూరం కాదు. రుసుము నియమం కూడా యాప్‌ని బట్టి మారిపోవచ్చు. పైగా యాప్ చూపించేది లాగిన్ అయిన మనిషి టారిఫ్. చందా కట్టే స్నేహితుడు పంపిన స్క్రీన్‌షాట్‌లో 0,39 ఉంటే, చందా లేనివాడు అదే స్తంభం దగ్గర 0,59 కడతాడు.

చందా లాభమా కాదా అన్నది చిన్న లెక్కే. నెలకి 11.99 యూరోల చందాతో యూనిట్‌కి 20 సెంట్లు తగ్గుతాయనుకుంటే, నెలకి 60 యూనిట్లు దాటితే గిట్టుబాటు. పై ఉదాహరణలోని కారుకి అది ఒకటిన్నర సార్లు ఛార్జ్ చేయడం కంటే తక్కువే. అయితే ఆ తగ్గింపు సొంత స్తంభాలకే వర్తిస్తుందా, రోమింగ్‌కీ వర్తిస్తుందా అన్నది టారిఫ్ పేజీలో చూసుకోవాలి. అలాగే రుసుము తగ్గించే చందాలు అరుదు. 39 సెంట్లు కట్టేవాడైనా కేబుల్ రాత్రంతా వదిలేస్తే ఆ 12 యూరోలు పడతాయి, ఇరవై సెంట్ల చొప్పున అరవై యూనిట్ల మీద ఆదా చేసుకున్నది ఒక్క రాత్రిలో పోతుంది.

పార్కింగ్ సంగతి దీనికి పూర్తిగా వేరు. యాప్‌లో కనిపించే రుసుము ఛార్జింగ్ సంస్థది. అదే చోట బోర్డు మీద ఛార్జింగ్ చేస్తున్నంతసేపే నిలపాలనో, వచ్చిన సమయం చూపించే నీలం పార్కింగ్ డిస్క్ పెట్టాలనో, ఇన్ని గంటలే అనో ఉంటే అది నగరపాలక సంస్థ నియమం. ఒకటి కట్టినంత మాత్రాన రెండోది మాఫీ కాదు. పార్కింగ్ కాంప్లెక్స్‌లో అయితే దాని గేటు టికెట్ మూడోది.